ఏ హైడ్రోజన్ పోతుంది, బ్రోమిన్ ఎక్కడ కూర్చుంటుంది: ఎన్‌బీఎస్ దగ్గర నేను చేసిన తప్పు

సీఎస్‌ఐఆర్ నెట్ కెమికల్ సైన్సెస్‌కి చదివే రోజుల్లో ఎన్‌బీఎస్ బ్రోమినేషన్ నాకు బాగా వచ్చనుకునేవాణ్ణి. "అల్లైలిక్, బెంజైలిక్ కార్బన్ మీద బ్రోమిన్ పెట్టు" అని నోట్సులో ఒక్క లైను రాసుకుని పేజీ తిప్పేశాను. ఒక మాక్ టెస్టులో మిథిలీన్‌సైక్లోహెక్సేన్ ఇచ్చారు. అంటే ఆరు కార్బన్ల రింగు, దానికి బయట =CH2. ఎన్‌బీఎస్, బెంజాయిల్ పెరాక్సైడ్, CCl4, రిఫ్లక్స్. ప్రధాన ప్రోడక్ట్ ఏది?

రింగులో ద్విబంధానికి పక్క కార్బన్ అల్లైలిక్, అక్కడ వచ్చే రాడికల్ సెకండరీ, కాబట్టి బ్రోమిన్ అక్కడే ఉంటుందని టిక్కు పెట్టాను. తప్పు. జవాబు 1-(బ్రోమోమిథైల్)సైక్లోహెక్సీన్: బ్రోమిన్ బయటి CH2 మీదకు వెళ్ళింది, ద్విబంధం రింగులోకి దిగింది. కీ తప్పేమోనని నా రూమ్మేటుతో అరగంట వాదించాను. వాడు ఒకటే అడిగాడు: "ఒరేయ్, హైడ్రోజన్ పోయే చోటు, బ్రోమిన్ చేరే చోటు ఒకటేనని నీకెవరు చెప్పార్రా?"

నా గందరగోళమంతా అక్కడే ఉంది. ఇవి రెండు వేర్వేరు మెట్లు. రాడికల్ స్థిరత్వం తీర్పు చెప్పేది మొదటి మెట్టులో. రెండో మెట్టులో లెక్క మారుతుంది.

మొదటి మెట్టులో హైడ్రోజన్‌ని లాగేది Br2 అణువు కాదు, బ్రోమిన్ పరమాణువు, Br•. లాగితే HBr వస్తుంది, ఆ బంధం బలం మోల్‌కి సుమారు 366 కిలోజౌల్స్. ఇప్పుడు తెంచాల్సిన C–H బంధాన్ని దీంతో పోల్చండి. ప్రొపీన్‌లో అల్లైలిక్ C–H దాదాపు 369. అంటే ఖర్చు, రాబడి ఇంచుమించు సమానం. మామూలు సెకండరీ C–H సుమారు 410, అంటే 44 కిలోజౌల్స్ చేతినుంచి పెట్టుకోవాలి. ద్విబంధం కార్బన్ మీదే ఉన్న వినైలిక్ C–H అయితే 460 దాటుతుంది, దాని జోలికి బ్రోమిన్ పోనే పోదు. టోలుయీన్‌లో బెంజైలిక్ C–H సుమారు 375, ఆ విలువ అల్లైలిక్‌కి దగ్గరే. అల్లైల్ రాడికల్‌లో జంటలేని ఎలక్ట్రాన్ రెండు చివరల మీద పరుచుకుంటుంది, బెంజైల్‌లో రింగు ఆర్థో, పారా స్థానాల దాకా పాకుతుంది. ఆ ఊరట వల్లే ఈ బంధాలు బలహీనం.

"స్థిరమైన రాడికల్ వస్తుంది కాబట్టి" అని ఇక్కడ ఆపేస్తే సగమే చెప్పినట్టు. క్లోరిన్‌కీ అదే రాడికల్ వస్తుంది కదా, అది ఎందుకింత ఖచ్చితంగా ఎంచుకోదు? H–Cl బంధం 431. సెకండరీ C–H తెంచినా క్లోరిన్‌కి లాభమే, అల్లైలిక్ తెంచినా లాభమే. లాభసాటి మెట్టులో ట్రాన్సిషన్ స్టేట్ ముందే వస్తుంది, అప్పటికి రాడికల్ ఇంకా సరిగ్గా రూపు కట్టలేదు, దాని స్థిరత్వం అవరోధంలో పెద్దగా కనపడదు. బ్రోమిన్‌కి సెకండరీ C–H దగ్గర నష్టం, అల్లైలిక్ దగ్గర కూడా లాభమేమీ లేదు. కాబట్టి ట్రాన్సిషన్ స్టేట్ ఆలస్యంగా, దాదాపు రాడికల్ పోలికతోనే వస్తుంది. అందుకే రాడికల్ స్థిరత్వంలో ఉన్న తేడా చాలావరకు అవరోధంలోకి దిగుతుంది. హామండ్ పోస్టులేట్‌ని బట్టీ పట్టినవాడిని, దాని ఉపయోగం ఈ రెండు సంఖ్యల్ని పక్కపక్కన పెట్టుకున్నాకే తెలిసింది.

రెండో మెట్టుకు వద్దాం. మిథిలీన్‌సైక్లోహెక్సేన్‌లో రింగు CH2 నుంచి హైడ్రోజన్ పోయాక మిగిలేది ఒకటే రాడికల్, రెండు కాదు. దాని ఒక చివర రింగులోని సెకండరీ కార్బన్, రెండో చివర బయటి CH2. "సెకండరీ చివర ఎక్కువ స్థిరం" అనే మాటకి ఇక్కడ అర్థం లేదు, రెండూ ఒకే రాడికల్‌కి గీసిన రెండు బొమ్మలు. ఈ రాడికల్ Br2 అణువు నుంచి ఒక బ్రోమిన్‌ని అందుకుంటుంది. రద్దీ తక్కువున్న బయటి CH2 వైపు అందుకోవడం తేలిక, పైగా అప్పుడు మిగిలే ద్విబంధానికి ప్రతిక్షేపకాలు ఎక్కువ, అది స్థిరం. అందుకే నా టిక్కు తప్పింది.

1-ఆక్టీన్ లెక్క చూస్తే ఇది ఇంకా కళ్ళకు కడుతుంది. హైడ్రోజన్ పోయేది మూడో కార్బన్ నుంచే. కానీ అక్కడే బ్రోమిన్ ఉన్న 3-బ్రోమో-1-ఆక్టీన్ 17 శాతమే, ద్విబంధం జరిగి చివర బ్రోమిన్ చేరిన 1-బ్రోమో-2-ఆక్టీన్ 83 శాతం.

మరి ఇథైల్‌బెంజీన్‌లో ఈ జరుగుడు ఎందుకు కనపడదు? అక్కడా ఎలక్ట్రాన్ ఆర్థో, పారా మీదకు వెళుతుంది కదా అని నాకు చాలాకాలం అనుమానం. బ్రోమిన్ పారా స్థానంలో చేరితే రింగు ఆరోమాటిసిటీ పోతుంది, ఆ బేరానికి రాడికల్ ఒప్పుకోదు. కాబట్టి బెంజైలిక్ చోట ఒకటే ప్రోడక్ట్, (1-బ్రోమోఇథైల్)బెంజీన్. టెర్ట్-బ్యుటైల్‌బెంజీన్ ఇస్తే అసలు బెంజైలిక్ హైడ్రోజనే లేదు, "చర్య లేదు" అనే ఆప్షన్ వెతకండి.

ఇంకో ప్రశ్న మిగిలింది. ఫ్లాస్కులో ఉన్నది బ్రోమిన్ అయితే ద్విబంధానికి కలిసిపోవాలి కదా? ఎన్‌బీఎస్ అసలు పని ఇక్కడుంది. గొలుసు చర్యలో పుట్టిన ప్రతి HBrతో అది కలిసి ఒక Br2, ఒక సక్సినిమైడ్ ఇస్తుంది. బ్రోమిన్ ఎప్పుడూ చుక్క చుక్కగానే ఉంటుంది. Br• ద్విబంధానికి అతుక్కున్నా, దాన్ని స్థిరపరచడానికి రెండో Br2 దొరికేలోపే మళ్ళీ ఊడిపోతుంది. ఈ వివరణ గోల్డ్‌ఫింగర్ బృందం 1953లో ఇచ్చింది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో మిథైల్ పారా-టోలుయేట్‌ని ఇలా బ్రోమినేట్ చేశాను. CCl4లో ఎన్‌బీఎస్ సరిగా కరగదు, బరువుగా అడుగున కూర్చుంటుంది. రిఫ్లక్స్ సాగేకొద్దీ తేలికైన సక్సినిమైడ్ పైకి తేలుతుంది, అడుగున తెల్లపొడి తగ్గి పైన తెట్టు పేరుకుంటే చర్య నడిచినట్టే. త్వరగా అవుతుందని ఎన్‌బీఎస్ కొంచెం ఎక్కువ వేశాను. ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో 4.5 దగ్గర రావాల్సిన CH2Br సింగ్లెట్ వచ్చింది, దాని పక్కన 6.6 దగ్గర ఓ చిన్న శిఖరం. అది CHBr2. ఒకసారి బ్రోమిన్ ఎక్కినా ఆ కార్బన్ ఇంకా బెంజైలిక్కే, ఇంకా రెండు హైడ్రోజన్లు ఉన్నాయి. మా గైడ్ సార్ స్పెక్ట్రం చూసి నవ్వి, "ఒక్క తుల్యాంకమే వేయమన్నాను కదయ్యా" అన్నారు.

ఇక పరీక్షలో ఎన్‌బీఎస్ కనపడగానే రాడికల్ అని దూకకండి, ముందు ద్రావకం చదవండి. ఆల్కీన్‌తో సజల డీఎంఎస్‌ఓ ఇస్తే అది బ్రోమోహైడ్రిన్. అనిసోల్‌తో డీఎంఎఫ్ లేదా అసిటోనైట్రైల్ ఇచ్చి, వెలుతురు గానీ పెరాక్సైడ్ గానీ ఇవ్వకపోతే రింగు మీద పారా స్థానంలో బ్రోమిన్, అది అయానిక్ దారి. పారా-మిథైల్‌అనిసోల్ ఇచ్చినప్పుడు మాత్రం ప్రతి షరతూ రెండుసార్లు చదివాకే నేను పెన్ను పెట్టేవాణ్ణి.