ఫైల్ మీద ఎర్ర ఇంకుతో రాసిన అలర్జీ

మా వాడికి పదహారేళ్లు. నల్లగొండలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. జనవరి చివర్లో వార్డెన్ ఫోన్ చేసి, పిల్లవాడికి జ్వరం తగ్గడం లేదు, వచ్చి తీసుకెళ్లండి అన్నాడు. వెళ్లి చూస్తే గొంతు నొప్పితో ఉమ్మి కూడా మింగలేకపోతున్నాడు. మెడకు రెండు పక్కలా, చెవుల వెనక దాకా బిళ్లలు కట్టాయి. కనురెప్పలు ఉబ్బి, నిద్ర లేని మనిషిలా ఉన్నాడు.

మిర్యాలగూడ దగ్గర మా ఊళ్లో ఆర్‌ఎంపీ టార్చి వేసి గొంతు చూశాడు. టాన్సిల్స్ మీద తెల్లటి పొర ఉందని, చీము పట్టిందని చెప్పి పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్ 500 గోలీలు రోజుకు మూడు చొప్పున ఇచ్చాడు. ఆయన్ని తప్పు పట్టడానికి రాయడం లేదు. ఆ తెల్లపొర చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుందట. కాకపోతే ఐదు రోజులు వాడినా జ్వరం 102 దగ్గరే ఉంది. అప్పుడే అనుమానం రావాల్సింది.

ఏడో రోజు పొద్దున వాడు బనియన్ తీస్తే ఛాతీ మీద, వీపు మీద ఎర్రటి మచ్చలు. సాయంత్రానికి చేతులకు, తొడలకు పాకాయి. కొన్ని చోట్ల ఒకదానితో ఒకటి కలిసిపోయి రాగి రంగులో కనిపించాయి. మా అమ్మ చూసి, "తట్టు పోసింది బిడ్డా, ఆస్పత్రి లేదు, ఏం లేదు" అని మంచం చుట్టూ వేపాకు పెట్టింది. నేనేమో కోర్సు మధ్యలో ఆపొద్దు అని ఎక్కడో విన్న మాట పట్టుకుని ఆ రోజు ఇంకో గోలీ వేశాను. అది నా తెలివితక్కువతనం.

రాత్రి నల్లగొండలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాం. డ్యూటీలో ఉన్న డాక్టరు నాలుగు మాటల్లో తేల్చేశాడు: గోలీలు వేశారు, దద్దుర్లు వచ్చాయి, ఇది అలర్జీ. గోలీలు ఆపించి దురదకు సెట్రిజిన్ ఇచ్చాడు. ఫైల్ మీద ఎర్ర ఇంకుతో "పెన్సిలిన్ అలర్జీ" అని రాసి, చుట్టూ గీత గీశాడు. గోలీలు ఆపడం సరైన పనే. ఆ రెండు మాటలు రాయడానికి ముందు మాత్రం ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మర్నాడు వచ్చిన పెద్ద డాక్టరమ్మ అడిగింది. "గోలీ వేసిన గంటలో వచ్చిందా, వారం తర్వాతనా? మచ్చ ఉన్న చోటే ఉంటుందా, మాయమై ఇంకోచోట లేస్తుందా? పెదాలు వాచాయా? ఆయాసం వచ్చిందా?" మనం అన్నిటికీ "దద్దుర్లు" అనే ఒక్క మాటే వాడతాం. ఆమెకు అందులో రెండు వేరు వేరు జబ్బులు కనిపిస్తున్నాయి. బాల్‌పెన్ తీసుకుని వాడి ముంజేతి మీద ఒక మచ్చ చుట్టూ గీసింది. "రేపు ఇదే టైమ్‌కు చూడండి" అంది. అసలైన దద్దురు ఉబ్బి, దురదపెట్టి, 24 గంటల్లోపు ఆ చోటు వదిలేస్తుంది. మా వాడి మచ్చ మర్నాడు కూడా గీత లోపలే ఉంది. నోట్లో పుండ్లు లేవు, కళ్లు ఎర్రబడలేదు, చర్మం మీద బొబ్బలు లేవు, ముట్టుకుంటే మంట లేదు. అవి ఉంటే కథ పూర్తిగా వేరు, ఆ మందు జోలికి జన్మలో వెళ్లొద్దంటారు.

తర్వాత రక్తపరీక్ష. మా వైపు జ్వరం, మచ్చలు అంటే ముందు డెంగీయే గుర్తొస్తుంది కాబట్టి అది కూడా చేశారు, నెగెటివ్. ప్లేట్‌లెట్లు కొంచెమే తగ్గాయి. తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లు అనే రకం మాత్రం సగం కంటే ఎక్కువ. గాజు పలక మీద చూస్తే వాటిలో చాలా వింత ఆకారంలో ఉన్నాయట. లివర్ ఎంజైములు పెరిగాయి. ఇబివి అనే వైరస్ కొత్తగా సోకిందా అని చూసే ఐజీఎం పరీక్షకు రక్తం హైదరాబాద్ ల్యాబుకు పంపితే పాజిటివ్ వచ్చింది. ఆ వైరస్ తెచ్చే జబ్బు పేరు గ్లాండ్యులర్ ఫీవర్. ఉమ్మి ద్వారా అంటుకునే వైరస్, హాస్టల్‌లో ఒకే సీసా మూతికి నలుగురు నోళ్లు పెట్టి తాగితే చాలు. అంటుకున్నాక బయటపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి ఎవరి నుంచి వచ్చిందో వెతకడం దండగ. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు. ఇక మిగిలింది నీళ్లు, పారాసెటమాల్, విశ్రాంతి. పొట్టలో ఎడమ పక్కన ఉండే స్ప్లీన్ వాచి ఉంది, దానికి దెబ్బ తగలకూడదు కాబట్టి కనీసం నెల రోజులు కబడ్డీ బంద్ అన్నారు. వాడికి దద్దుర్ల కంటే ఆ మాటే బాధపెట్టింది.

ఆమె చెప్పిన అసలు సంగతి ఇది. ఈ వైరస్ ఒంట్లో ఉన్నప్పుడు అమాక్సిసిలిన్ గానీ ఆంపిసిలిన్ గానీ వేస్తే చాలామందికి ఇలాంటి మచ్చలు వస్తాయి. పాత లెక్కల్లో దాదాపు అందరికీ వస్తాయని రాశారట, ఈ మధ్య చూసినవాటిలో మూడోవంతు మందికి. వైరస్ రోగనిరోధక కణాలను రెచ్చగొట్టి ఉన్నప్పుడు మందు తగలడం వల్ల అంటారు, పూర్తి కారణం ఇంకా తేలలేదు. జబ్బు తగ్గాక అదే మందు ఇస్తే ఎక్కువమందికి ఏమీ కాదు. కొద్దిమందిలో మాత్రం నిజంగానే అలర్జీ నిలిచిపోవచ్చు. అందుకే ఎర్ర రాతను వెంటనే కొట్టేయనంది. "జబ్బు తగ్గి నెలన్నర దాటాక పరీక్ష చేయించండి. అప్పటిదాకా ఈ జాతి మందు వద్దు" అని కాగితం మీద రాసిచ్చింది. మచ్చలు వారంలో వాడిపోయి, పొట్టు రాలి పోయాయి. వేపాకు పనిచేసిందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఏప్రిల్‌లో వాడికి పన్ను కింద చీము పట్టింది. డెంటిస్ట్ ఫైల్ చూసి అమాక్సిసిలిన్ పక్కన పెట్టి క్లిండామైసిన్ రాశాడు. మూడు రోజులు విరేచనాలు. ఎర్ర ఇంకు ఏం చేస్తుందో అప్పుడు అర్థమైంది. మొదటి మందు చేతిలో ఉన్నా వాడలేక, ప్రతిసారీ రెండో మందుకు పోవాలి.

మే సెలవుల్లో హైదరాబాద్‌లో పెద్దాస్పత్రికి వెళ్లాం. వారం ముందే సెట్రిజిన్ లాంటివి ఆపమన్నారు, లేకపోతే అవి రియాక్షన్‌ను దాచేస్తాయట. చర్మం కింద సూదితో టెస్ట్ డోసు వేస్తారనుకున్నా. ఇలా ఆలస్యంగా వచ్చి, ప్రమాద లక్షణాలు లేని మచ్చలకు దానికంటే నేరుగా నోటి ద్వారా ఇచ్చి చూడటమే మేలన్నారు. బీపీ, నాడి చూసి, రియాక్షన్ ముదిరితే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కన సిద్ధంగా పెట్టుకుని ముందు 50 మిల్లీగ్రాములు ఇచ్చారు. అరగంట తర్వాత మిగిలిన 450. రెండు గంటలు కూర్చోబెట్టారు. వాడు ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నాడు, నేను వాడి మెడ చూస్తున్నాను. ఏమీ రాలేదు. పోయినసారి మచ్చ వారానికి వచ్చింది కాబట్టి ఇంటి దగ్గర మరో ఐదు రోజులు గోలీలు వేసి రోజూ ఒళ్లంతా చూడమన్నారు. అప్పుడూ ఏమీ రాలేదు. ఇది మాత్రం ఇంట్లో సొంతంగా చేసి చూసే పని కాదు.

తర్వాత వాళ్లిచ్చిన లెటర్‌లో "అలర్జీ లేదు" అని ఊరికే రాయలేదు. ఎప్పుడు, ఏ జబ్బులో, గోలీలు మొదలైన ఏడో రోజు ఎలాంటి మచ్చలు వచ్చాయి, తర్వాత ఎంత మోతాదు ఇచ్చి చూశారు, ఇక పెన్సిలిన్ జాతి మందులు వాడొచ్చు అని వివరంగా ఉంది. దాని జిరాక్సులు పట్టుకుని తిరిగాను. నల్లగొండ ఆస్పత్రిలో ఎర్ర రాత మీద గీత కొట్టి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టారు. డెంటిస్ట్ కంప్యూటర్‌లో మార్చాడు. ఆర్‌ఎంపీకి కూడా ఒక కాపీ ఇచ్చాను. హాస్టల్ రిజిస్టర్‌లో మాత్రం ఇంకా "గోలీలు పడవు" అనే ఉంది. ఏ గోలీలో కూడా రాయలేదు. జూన్‌లో తెరిచినప్పుడు వెళ్లాలి.