గిన్నెలో చచ్చిన క్యాన్సర్ కణాలు

పిన్నికి కీమో మొదలైనప్పటి నుంచి ఇంట్లో ఒకటే మాట: "పసుపు క్యాన్సర్ కణాలను చంపుతుందని రుజువైంది కదా, ఆ మందులెందుకు?" ఆ పరిశోధనలు నేనూ చదివాను. కణాలు చచ్చిన మాట నిజమే. కానీ చచ్చింది ల్యాబ్ గిన్నెలో, పసుపులోని కర్‌క్యుమిన్ అనే పదార్థాన్ని నేరుగా వాటి మీద పోస్తే. అక్కడ పేగు లేదు, కాలేయం లేదు.

మనం మింగితే అది పేగులోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. ఎక్కిన కాస్తనూ కాలేయం వెంటనే మార్చేస్తుంది. బెంగళూరు పరిశోధకులు 1998లో మనుషులకు 2 గ్రాముల కర్‌క్యుమిన్ ఇచ్చి రక్తం పరీక్షిస్తే, అసలు కనిపించలేదు, లేదంటే అతి స్వల్పంగా కనిపించింది. పసుపులో కర్‌క్యుమిన్ సుమారు 3 శాతమే. అంటే 2 గ్రాముల కోసం 60 గ్రాములకు పైగా పసుపు తినాలి! గిన్నెలో వాడే మోతాదు రక్తంలో దొరికేదానికి సాధారణంగా వందల రెట్లు.

ఎలుకల్లో పనిచేసిందంటారు. చాలాసార్లు వాటికి చర్మం కింద కణితిని నాటి, మందును పొట్టలోకి ఇంజెక్షన్ చేస్తారు. పిన్ని కణితి అలా వచ్చింది కాదు, ఆవిడ మింగేది కర్‌క్యుమిన్ క్యాప్సూల్.

మిరియాల సారం కలిపితే ఎక్కువ ఎక్కుతుంది, నిజమే. కానీ అది వేరే మందులు ఒంట్లో విచ్ఛిన్నం కావడాన్నీ అడ్డుకోగలదు, అలాంటి క్యాప్సూళ్ళతో కాలేయం దెబ్బతిన్నవాళ్ళూ ఉన్నారు. అందుకే పిన్ని క్యాప్సూళ్ళ డబ్బా తీసుకెళ్ళి డాక్టర్‌గారికి చూపించాం. కీమో అయ్యేదాకా ఆపమన్నారు. కూరలో పసుపు మాత్రం మామూలుగానే వేస్తున్నాం.