ఓఈటీ పార్ట్ బీ మెమోల్లో మస్ట్, హ్యావ్ టు, నీడెంట్: నేను చదివిన తీరు

ఓఈటీ రీడింగ్‌కి తయారవుతున్న నర్సు మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. పార్ట్ బీలో ఆరు చిన్న పాఠ్యాలు ఇస్తారని మీకు తెలుసు. ఒకటి వార్డు మెమో కావచ్చు, ఒకటి హాస్పిటల్ పాలసీలోని పేరా, ఇంకొకటి ఏదో పరికరం మాన్యువల్‌లోని ముక్క. ఒక్కోదానికి ఒకే ప్రశ్న, మూడు ఆప్షన్లు. పార్ట్ బీ, పార్ట్ సీ రెండిటికీ కలిపి 45 నిమిషాలే. పార్ట్ సీకి సమయం మిగలాలంటే ఈ ఆరూ త్వరగా తేలిపోవాలి. నాకు అవి తేలడం మొదలైంది మెడికల్ పదాలు పెంచుకున్నాక కాదు, క్రియకు ముందున్న చిన్న మాటను పట్టించుకోవడం మొదలుపెట్టాకే. ఇలాంటి మెమో తరచుగా చెప్పేది మూడే సంగతులు: స్టాఫ్ ఏది చేసి తీరాలి, ఏది చేయకూడదు, ఏది చేయకపోయినా ఫరవాలేదు.

ముందు మస్ట్, హ్యావ్ టు. రెండూ "చేయాలి" అనే అర్థమే ఇస్తాయి. తేడా ఆ మాట ఎవరి నోట వస్తోందన్న దాంట్లో ఉంది. నియమం పెట్టేవాళ్లు స్వయంగా మాట్లాడితే మస్ట్ వస్తుంది. వేరే ఎవరో పెట్టిన నియమాన్ని మనం ఇంకొకరికి చెప్పేటప్పుడు ఎక్కువగా హ్యావ్ టు వస్తుంది. పాలసీలో "స్టాఫ్ మస్ట్ రిమూవ్ రిస్ట్ వాచెస్" అని ఉంటుంది. అదే సంగతిని సీనియర్ నర్సు కొత్తగా చేరినామెకు చెబితే "వి హ్యావ్ టు టేక్ అవర్ వాచెస్ ఆఫ్" అంటుంది. ఆ నియమం ఆమె పెట్టింది కాదు, ఆమె కూడా పాటిస్తోంది.

బ్రిటన్ వెళ్లాలనుకునేవాళ్లు అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ వాళ్ల 'ది కోడ్' ఒకసారి తెరిచి చూడండి. ఒక్కో నియమం కింద "టు అచీవ్ దిస్, యూ మస్ట్" అనే వాక్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. నియమం పెట్టిన సంస్థే నేరుగా నర్సుతో మాట్లాడుతోంది కాబట్టి అక్కడ మస్ట్ సహజం. నేను ఆ పేజీలను ఇంగ్లిష్ పాఠంలా కూడా చదివాను, చాలా ఉపయోగపడింది. అయితే ఈ తేడా ఒక మొగ్గు మాత్రమే, గీత గీసినంత కచ్చితం కాదు. అమెరికన్ రాతలో, మామూలు మాటల్లో రెండు చోట్లా హ్యావ్ టు వినిపిస్తుంది. కాబట్టి మస్ట్‌కి, హ్యావ్ టుకి మధ్య ఉన్న తేడా ఒక్కదాని మీదే జవాబు ఎంచుకోవద్దు. ఆ రెండిటికీ, షుడ్‌కీ మధ్య ఉన్న తేడా మాత్రం జవాబును మార్చేయగలదు. షుడ్ సలహా, మస్ట్ విధి. బ్రిటన్‌లో వైద్య సేవలకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ గైడ్‌లైన్స్‌లో చట్టపరమైన బాధ్యత ఉన్నప్పుడు, లేదా పాటించకపోతే తీవ్రమైన ప్రమాదం ఉన్నప్పుడు మాత్రమే మస్ట్ వాడతారు.

అసలు చిక్కు నెగెటివ్‌లో వస్తుంది. పాజిటివ్‌లో దాదాపు కలిసి నడిచిన ఈ రెండు మాటలూ నాట్ చేరగానే వేరు దారులు పడతాయి. మస్ట్ నాట్ అంటే చేయకూడదు, నిషేధం. డోంట్ హ్యావ్ టు అంటే చేయనక్కర్లేదు, కావాలంటే చేయొచ్చు. నీడెంట్ కూడా ఈ రెండో గూటిదే. తెలుగులో కూడదు, అక్కర్లేదు అని మనకి వేర్వేరు మాటలు ఉండనే ఉన్నాయి కాబట్టి, చదివేటప్పుడు పెన్సిల్‌తో పక్కన 'కూ' అనో 'అ' అనో రాసుకునేదాన్ని. కంప్యూటర్ మీద రాసేవాళ్లు మనసులో అనుకున్నా చాలు.

ప్రాక్టీసు కోసం నేను తయారుచేసుకున్న మెమో ఒకటి చూడండి. వ్యాక్సిన్లు ఉంచే ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మెమో ఆ పరిధి దాటినప్పుడు ఏం చేయాలో చెబుతోంది. మొదటి వాక్యం: "ది స్టాక్ మస్ట్ బి కెప్ట్ కోల్డ్ అండ్ లేబుల్డ్." రెండోది: "ఇట్ మస్ట్ నాట్ బి యూజ్డ్ ఆర్ త్రోన్ అవే అంటిల్ ఎ ఫార్మసిస్ట్ హాజ్ అడ్వైజ్డ్." మూడోది: "యూ నీడెంట్ రిటర్న్ ఇట్ టు ఫార్మసీ, సమ్‌వన్ విల్ కమ్ టు ది వార్డ్." ప్రశ్న: మెమో ప్రకారం స్టాఫ్ ఏం చేయాలి? ఏ: ఆ స్టాక్‌ను ఫార్మసీకి తిరిగి పంపాలి. బీ: ఫ్రిజ్ మళ్లీ 8 డిగ్రీల లోపుకి వస్తే వాడుకోవచ్చు. సీ: సలహా అందేదాకా వాడకుండా, పారేయకుండా ఉంచాలి.

మా ప్రాక్టీసు గ్రూపులో చాలామంది ఏ ఎంచుకున్నారు. రిటర్న్, ఫార్మసీ అనే రెండు మాటలూ మెమోలో ఉన్నాయి కదా, కళ్లు నేరుగా అక్కడికే వెళ్లాయి. కానీ వాటి ముందు నీడెంట్ ఉంది. పంపక్కర్లేదని మెమో అంటే, పంపాలని ఆప్షన్ అంటోంది. బీ వార్డులో పని చేసినవాళ్లను లాగుతుంది, ఎందుకంటే ఫ్రిజ్ మామూలైపోయింది కదా అనిపిస్తుంది. మెమో మాత్రం ఫ్రిజ్ సంగతి వదిలేసి ఫార్మసిస్టు మాటతోనే అంటిల్ అని ముడిపెట్టింది. మస్ట్ నాట్ పక్కన అంటిల్ ఉంటే నిషేధం అప్పటివరకే, తర్వాత సలహా ఎలా ఉంటే అలా. జవాబు సీ. అలాగే నీడెంట్ పక్కన అన్‌లెస్ కనిపిస్తే ఆగండి. "యూ నీడెంట్ కాల్ ది డాక్టర్ అన్‌లెస్ ది టెంపరేచర్ రైజెస్" అంటే జ్వరం పెరిగితే పిలవాల్సిందే. సగం వాక్యం చదివి "అక్కర్లేదు" అని ముందుకెళ్లిపోతే ఆ ప్రశ్న పోయినట్టే.

నీడెంట్‌కి, డోంట్ హ్యావ్ టుకి మధ్య తేడా కూడా పైన చెప్పిన దారిలోనే ఉంటుంది. రాసేవాళ్లే మినహాయింపు ఇస్తుంటే నీడెంట్, పరిస్థితి వల్లో నియమం వల్లో అవసరం లేకపోతే డోంట్ హ్యావ్ టు. నీడెంట్ ఎక్కువగా బ్రిటిష్ రాతలో కనిపిస్తుంది, పాలసీల్లో నీడ్ నాట్ అని విడదీసి రాస్తారు. దాని తర్వాత టు రాదు: నీడెంట్ వెయిట్, అంతే.

జరిగిపోయిన సంగతి దగ్గర మాత్రం రెండూ గట్టిగా విడిపోతాయి. "షీ నీడెంట్ హ్యావ్ కాల్డ్ ది డాక్టర్" అంటే ఆమె పిలిచింది, కానీ అవసరం లేకపోయింది. "షీ డిడెంట్ హ్యావ్ టు కాల్" అంటే అవసరం లేదని మాత్రమే తెలుస్తుంది, పిలిచిందో లేదో ఆ వాక్యం చెప్పదు. "ఎవరు ఏం చేశారు" అని ఆప్షన్ అడిగితే ఇక్కడే పట్టుకోవాలి. మస్ట్‌కి ఈ అర్థంలో పాస్ట్ లేదు, హ్యాడ్ టు వాడాలి. "షీ మస్ట్ హ్యావ్ సైన్డ్" అని కనిపిస్తే అది విధి కాదు, సంతకం పెట్టే ఉంటుందన్న ఊహ.

రైటింగ్‌లో ఇదే జ్ఞానం తిరగేసి వాడాలి. డాక్టరుకి రాసే లెటర్‌లో "యూ మస్ట్ రివ్యూ హర్" అంటే మీరు ఆయనకి ఆర్డర్ వేసినట్టు వినిపిస్తుంది. "షీ విల్ నీడ్ టు బి రివ్యూడ్" అని రాయండి. స్పీకింగ్‌లో భయపడుతున్న పేషెంటు పాత్ర ముందు "యూ డోంట్ హ్యావ్ టు డిసైడ్ టుడే" అన్న వాక్యం నాకు చాలాసార్లు పనికొచ్చింది.