పిన్ని కర్రీ పాయింట్‌లో గీసిన పీపీఎఫ్: నా అనుభవం

దూరవిద్యలో ఎం.ఏ. ఎకనామిక్స్‌కి ఫీజు కట్టాక వచ్చిన మొదటి అసైన్‌మెంట్‌లోనే ఈ ప్రశ్న ఉంది. మీకు తెలిసిన ఒక చోటు తీసుకుని దాని ఉత్పత్తి అవకాశాల రేఖ గీయండి, అది ఎందుకు వంగిందో, టెక్నాలజీ మారితే ఎటు జరుగుతుందో చూపించండి అని. ఉన్న మనుషులతో, వనరులతో రెండు వస్తువులు ఎక్కువలో ఎక్కువ ఎంతెంత చేయగలమో చూపే గీత అది. ఇంగ్లిష్‌లో ప్రొడక్షన్ పాసిబిలిటీ ఫ్రాంటియర్, క్లాసులో అందరూ పొట్టిగా పీపీఎఫ్ అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ఈ పాఠం చెప్పేటప్పుడు ఎక్కువగా వాడే ఉదాహరణ తుపాకులు, వెన్న. ఆ రెండూ తయారవుతుండగా నేను చూడలేదు. చూసిందల్లా బెంగళూరు మారతహళ్లిలో మా పిన్ని నడిపే కర్రీ పాయింట్.

అక్కడ అన్నం, పెరుగు, పచ్చడి కూడా అమ్ముతారు గానీ గ్రాఫుకు ఉన్నవి రెండే అక్షాలు. అందుకని కూర ప్యాకెట్లు, చపాతీలు మాత్రమే తీసుకున్నాను. ఉదయం నాలుగు గంటలపాటు షిఫ్టు, నలుగురు మనుషులు: వంట మాస్టర్, పిన్ని, హెల్పర్ అక్క, కొత్తగా చేరిన అమ్మాయి. ఒక్కొక్కరూ షిఫ్టు మొత్తం కూరల మీదే ఉంటే ఎన్ని ప్యాకెట్లు, చపాతీల మీదే ఉంటే ఎన్ని అని పిన్నినే అడిగాను. "అందరూ ఒకేలా చేస్తారనుకున్నావా? మాస్టర్‌కి పిండి ముద్ద ఇస్తే ఆంధ్రా మ్యాప్ వస్తుంది" అని మొదలుపెట్టింది. ఆ మాటలోనే సగం పాఠం ఉంది. ఆమె చెప్పిన అంకెల్ని లెక్క సులువుగా ఉండేలా రౌండ్ చేశాను.

మాస్టర్: 80 ప్యాకెట్లు లేదా 100 చపాతీలు.
పిన్ని: 60 లేదా 150.
అక్క: 40 లేదా 200.
కొత్త అమ్మాయి: 20 లేదా 250.

నలుగురూ కూరల మీదే ఉంటే 200 ప్యాకెట్లు, ఒక్క చపాతీ లేదు. రేఖకు ఒక చివర అది. ఇప్పుడు చపాతీలు కావాలంటే ఎవరిని ముందు కూరల నుంచి తప్పించాలి? కూర తక్కువ పోయి చపాతీలు ఎక్కువ వచ్చే మనిషిని, అంటే కొత్త అమ్మాయిని. ఆమె మారితే 250 చపాతీలు వస్తాయి, పోయేది 20 ప్యాకెట్లే. 50 చపాతీలకు 4 ప్యాకెట్లు వదులుకున్నట్టు. అలా వదులుకున్నదాన్నే అవకాశ వ్యయం అంటారు. దానికి రూపాయల్లో బిల్లు రాదు, కూరల్లో కడతాం.

ఇంకా చపాతీలు కావాలంటే అక్క మారాలి. ఇంకో 200 చపాతీలు వస్తాయి, 40 ప్యాకెట్లు పోతాయి. అంటే అదే 50 చపాతీలకు ఇప్పుడు 10 ప్యాకెట్లు. పిన్ని మారితే 20. చివరికి మాస్టర్‌ని కూడా పెనం దగ్గర నిలబెడితే 40. చపాతీ మారలేదు, పిండి మారలేదు, వదులుకునేది మాత్రం 4 నుంచి 40కి ఎక్కింది. చపాతీలు చేయడానికి తగిన మనుషులు ముందే అయిపోయి, కూరలు బాగా చేసేవాళ్లను లాగాల్సి రావడమే కారణం. పెరుగుతున్న అవకాశ వ్యయం అంటే ఇదే.

చపాతీలు అడ్డంగా, కూరలు నిలువుగా పెట్టి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టాను. 0 చపాతీలకు 200 ప్యాకెట్లు, 250కి 180, 450కి 140, 600కి 80, 700కి 0. కలిపితే మొదట్లో దాదాపు చదునుగా వెళ్లి, చివర్లో నిట్టనిలువుగా కిందికి పడింది. అలా బయటికి ఉబ్బిన గీత వచ్చింది. నలుగురే కాబట్టి నాలుగు ముక్కల గీత, మధ్యలో మూడు మలుపులు. రకరకాల నైపుణ్యాలున్న లక్షల మంది పనిచేసే దేశానికి గీస్తే ఈ మలుపులన్నీ కలిసిపోయి పుస్తకంలో బొమ్మలాగా నున్నటి వంపు అవుతుంది. నలుగురూ ఒకేలాంటి వాళ్లయితే వంపే ఉండదు, తిన్నటి గీత వస్తుంది.

ఒక రోజు జరిగినదాన్ని కూడా గ్రాఫు మీద పెట్టి చూశాను. ఆ రోజు మాస్టర్ చపాతీలు చేస్తే, మిగతా ముగ్గురూ కూరల మీద ఉన్నారు. వచ్చినవి 100 చపాతీలు, 120 ప్యాకెట్లు. ఆ చుక్క గీతకు బాగా లోపల పడింది. అదే 100 చపాతీలు మాస్టర్ బదులు కొత్త అమ్మాయి చేసి, మిగిలిన టైమ్ కూరల మీద పెట్టి ఉంటే మొత్తం 192 ప్యాకెట్లు వచ్చేవి. ఎవరూ ఖాళీగా కూర్చోలేదు, అందరూ చెమటోడ్చారు, అయినా లోపలే. చాలామంది గైడ్లలో లోపలి చుక్క అంటే నిరుద్యోగం అని ఒక్క ముక్కలో రాసేస్తారు, అది నాకు నచ్చదు. పని తప్పుడు చేతుల్లో పడినా చుక్క లోపలికే వస్తుంది.

ఇక టెక్నాలజీ. పిన్ని చాన్నాళ్లుగా చపాతీ ప్రెస్ మెషిన్ కొనాలని చూస్తోంది. మెషిన్, దాంతోపాటు పెద్ద పెనం వస్తే ప్రతి ఒక్కరూ చేసే చపాతీలు రెట్టింపు అవుతాయని అనుకుని లెక్క వేశాను. కూరలకు మెషిన్ ఏమీ చేయదు. కాబట్టి నిలువు అక్షం మీద 200 కదలదు, అడ్డ అక్షం మీద 700 మాత్రం 1400 అవుతుంది. మొత్తం గీత సమానంగా బయటికి జరగదు. ఒక చివర పాతుకుపోయి, రెండో చివర బయటికి తిరుగుతుంది. కొత్త మనిషిని పనిలో పెట్టుకుంటే రెండు చివరలూ జరిగేవి, కానీ అది టెక్నాలజీ కాదు, వనరులు పెరగడం.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది దీని తర్వాతి లెక్క. పిన్నికి రోజూ అమ్ముడయ్యేవి 450 చపాతీలే అనుకుందాం. పాత గీత మీద వాటికి అమ్మాయి, అక్క ఇద్దరూ కావాలి, కూరలు 140. మెషిన్ ఉంటే అమ్మాయి ఒక్కతే షిఫ్టులో 500 చేయగలదు. 450 అయ్యాక ఆమె దగ్గర కాస్త టైమ్ కూడా మిగులుతుంది, అక్క పూర్తిగా కూరల వైపు వెళ్లిపోతుంది. మొత్తం 182 ప్యాకెట్లు. చపాతీ మెషిన్ కొంటే ఒక్క చపాతీ పెరగకుండా 42 కూరలు పెరిగాయి! ఒక వస్తువు టెక్నాలజీ మెరుగైతే రెండో వస్తువు కూడా ఎక్కువ వస్తుందని చదివినప్పుడు ఎక్కలేదు, అక్క పెనం వదిలి కడాయి దగ్గరికి వెళ్లడం ఊహించుకుంటే ఎక్కింది.

ఇదంతా పెద్ద పెనం కూడా ఉంటేనే. మెషిన్ ఒత్తడం వరకే చేస్తుంది, కాల్చదు. పాత పెనమే ఉంచితే ఒత్తిన చపాతీలు పక్కన దొంతరగా పేరుకుని, ఒకదానికొకటి అంటుకుని, అంచులు ఎండిపోతాయి. అలాంటి దొంతర కనిపించిందంటే గీత జరగలేదని అర్థం. డబ్బు ఖర్చయింది గానీ కాల్చేచోట పాత హద్దే ఉంది.

గ్రాఫు చూపించి ఈ 42 ప్యాకెట్ల సంగతి చెబితే పిన్ని ఒక్కటే అడిగింది. "సరేనమ్మా, ఆ 42 ఎవరు కొంటారు?"

దానికి ఈ గీతలో జవాబు లేదు. ఎంత చేయగలమో ఇది చెబుతుంది. ఏ చుక్క దగ్గర ఉండాలో తేల్చాలంటే ధరలు, కొనేవాళ్లు కావాలి. అసైన్‌మెంట్ చివర్లో ఆమె ప్రశ్నను అలాగే రాసి పంపించాను. పిన్ని మెషిన్‌కి ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు. ముందు వీధి చివర ఉన్న పీజీ వాళ్లు రాత్రికి కూరలు తీసుకుంటారేమో కనుక్కుని వస్తానంది.