ఓపీజీలో కనబడని పుచ్చు

వాపు పూర్తిగా తగ్గింది, పన్ను నిలబడింది, రాత్రిళ్లు నిద్ర పడుతోంది. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను. నొప్పి ఉన్నన్నాళ్లూ రాయాలని కూర్చుంటే కోపం తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. ఆ కోపం ఇప్పటికీ కొంత మిగిలే ఉంది, దాచుకోను.

ఎడమవైపు కింది దవడలో, బాగా వెనక మొదలైంది నొప్పి. ఏ పన్నో వేలు పెట్టి చూపించలేను. కాసేపు చెవిలోకి లాగేది, కాసేపు పై దవడలో ఉన్నట్టు అనిపించేది. పంటి నరం వాచిన తొలిరోజుల్లో ఇలాగే ఉంటుందట, పై పన్నో కింది పన్నో మనిషికే తెలియదట. మొదట వెళ్లిన క్లినిక్‌లో నోరు తెరిపించి ఒకసారి చూసి, ఓపీజీ అనే ఎక్స్‌రే తీయించారు. గడ్డం ఆనించి, ముందు పళ్లతో ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క కొరికి పట్టుకుని నిలబడితే యంత్రం తల చుట్టూ తిరుగుతుంది. దవడలు రెండూ, పళ్లన్నీ, చెవుల ముందుండే దవడ కీళ్లూ, సైనస్‌ల అడుగుభాగమూ అన్నీ ఒకే బొమ్మలో వచ్చేస్తాయి. నోటి లోపల సెన్సర్ ఏదీ పెట్టరు, నొప్పి ఉండదు.

ఆ బొమ్మలో నా జ్ఞానదంతం ముందుకు ఒరిగిపోయి, తలతో పక్క పన్నును తోస్తున్నట్టు కనిపించింది. చూడగానే డాక్టరు గారు తేల్చేశారు: "దీనివల్లే నొప్పంతా. మందులు వాడండి, తర్వాత తీసేద్దాం." పక్క పన్ను మీద కొరికితే కూడా నొప్పిగా ఉందండీ అన్నాను. "ఓపీజీలో అన్నీ కనిపిస్తాయమ్మా. మిగతా పళ్లన్నీ క్లీన్‌గా ఉన్నాయి. మీరు టెన్షన్ పడి నొప్పి పెంచుకుంటున్నారు."

ఈ మాట నాకు ఇంకా గుచ్చుకుంటుంది. ఓపీజీ తీయడం తప్పని అనను. ఒరిగిన జ్ఞానదంతాన్ని చూడాలంటే అదే సరైన ఎక్స్‌రే. అది ఎంత లోతులో ఉంది, దాని వేర్లు కింది దవడలో నరం వెళ్లే కాలువకు ఎంత దగ్గరగా ఉన్నాయి అన్నది తెలియాలంటే అంత వెడల్పు బొమ్మ కావాలి. దవడ విరిగిందేమో, ఎముకలో గడ్డ ఉందేమో అన్న అనుమానాలకూ అదే తీయిస్తారు. తప్పంతా "అన్నీ కనిపిస్తాయి" అనడంలోనే ఉంది. మందులకు నొప్పి కొన్నాళ్లు అణిగింది. నేనూ నమ్మేశాను, ఇంట్లో వాళ్లూ నమ్మారు.

ఆ తర్వాత వచ్చిన రాత్రి గురించి చెప్పాలి.

సాయంత్రానికి దవడ కింద గట్టిగా, వేడిగా వాపు వచ్చింది. రాత్రయ్యేసరికి నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. జ్వరం. పడుకుంటే ఉమ్మి మింగడానికి భయం వేసి లేచి కూర్చునేదాన్ని. మా అక్క నా పక్కనే కూర్చుని, నిమిషానికోసారి "ఊపిరి ఆడుతోందా?" అని అడుగుతోంది. ఆడుతోందని తలూపుతున్నాను గానీ, నిజంగా ఆడుతోందో, భయంతో నేనే గట్టిగా లాగుతున్నానో నాకే తెలియడం లేదు. మింగుడు పడడం లేదని సైగ చేసేసరికి అక్క ఇంక ఆగలేదు, తెల్లవారే దాకా చూద్దామన్న వాళ్ల మాట వినలేదు, ఆసుపత్రికి లాక్కుపోయింది. ఆవిడ మొండితనానికి నేను చచ్చేదాకా రుణపడి ఉంటాను.

అక్కడి డ్యూటీ డాక్టరు ముందుగా చేసిన పని, తెరుచుకున్నంత సందులోంచే వేలు పోనిచ్చి నా నాలుక కింద నొక్కి చూడడం. మెత్తగానే ఉందన్నారు. ఆ భాగం గట్టిపడి నాలుకను పైకి నెడితే ఊపిరికే ముప్పట. రెండో దవడపన్ను వేర్ల చివర్లు సాధారణంగా దవడ లోపలివైపు కండరం అతుక్కునే గీత కన్నా కిందకి ఉంటాయి. అందుకే అక్కడి చీము నోట్లోకి రాకుండా మెడవైపు దిగుతుందని ఆయన ఓపికగా చెప్పారు. దవడ కింద వాపు వచ్చి, మింగడం కష్టమైతే ఏ ఎక్స్‌రే గురించీ ఆలోచించకండి, ఏ వేళైనా సరే ఆసుపత్రికి వెళ్లండి. సెలైన్‌తో మందులు ఎక్కించారు, చీము తీశారు. దేవుడి దయ, వాపు మెడలోకి దిగలేదు.

నోరు కాస్త తెరుచుకున్నాక వేరే డెంటిస్టు దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా ఓపీజీ చూసి పక్కన పెట్టేయలేదు, చాలాసేపు చూశారు. తర్వాత ఒక్కో పన్ను మీద చల్లటి దూది పెట్టి అడిగారు. అన్ని పళ్లూ జివ్వుమన్నాయి, జ్ఞానదంతం ముందున్న రెండో దవడపన్ను మాత్రం ఉలకలేదు. దాన్నే మెల్లగా తడితే ప్రాణం పోయినంత పనైంది. లోపల నరం చచ్చిపోయి ఉంటుందని అక్కడే అనుమానపడ్డారు. అప్పుడు గానీ ఎక్స్‌రే మాట ఎత్తలేదు. అదీ పెరియాపికల్ కావాలన్నారు.

పెరియాపికల్ అంటే ఒకటి రెండు పళ్లను తల నుంచి వేరు చివరి దాకా, ఆ చివర దాటి ఇంకో రెండు మూడు మిల్లీమీటర్ల ఎముకతో సహా చూపించే చిన్న ఎక్స్‌రే. సెన్సర్‌ను హోల్డర్‌లో పెట్టి, పంటికి సమాంతరంగా నాలుక పక్కన లోపలికి దించుతారు. అంత వెనకకు, అదీ నొప్పి ఉన్న నోట్లో, దించడం నరకమే. మొదటి బొమ్మలో వేరు చివర తెగిపోయింది. చివర లేని బొమ్మతో నాకు పనిలేదమ్మా, ఇంకొక్కసారి ఓర్చుకో అని సెన్సర్‌ను కాస్త లోతుగా దించి మళ్లీ తీశారు. అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు దండం పెట్టాలనిపిస్తుంది.

రెండో బొమ్మను స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించారు. ఆరోగ్యంగా ఉన్న వేరు చుట్టూ సన్నటి తెల్లగీత ఒకటి తెగకుండా ఉంటుంది. నా రెండో దవడపన్ను వెనక వేరు చివర ఆ గీత తెగిపోయి, అక్కడ ఎముక నల్లగా, గుండ్రంగా కరిగి ఉంది. అదే పన్ను వెనకవైపు, పంటి తల వేరుతో కలిసే మెడ దగ్గర, జ్ఞానదంతం తల సరిగ్గా ఆనుకున్నచోట, ఇంకో నల్లటి గొయ్యి. అదే పుచ్చు. అక్కడికి బ్రష్ పోదు, అద్దంలోంచి చూస్తే కనిపించదు. అయినా ఆవిడ వెంటనే తేల్చెయ్యలేదు. పంటి మెడ దగ్గర ఎక్స్‌రే కిరణాలు ఎక్కువగా దూసుకుపోయి, పుచ్చు లేకపోయినా ఉన్నట్టు నల్లటి నీడ వస్తుందట. అందుకని ట్యూబును కాస్త పక్కకు జరిపి మరొకటి తీశారు. ఉత్త నీడైతే మారిపోతుంది లేదా మాయమవుతుంది. ఇది కదల్లేదు. సన్నటి పరికరంతో తాకి కూడా చూశారు, మెత్తగా దిగింది.

మరి ఓపీజీలో ఇది ఎందుకు కనిపించలేదని అడిగాను. "మేడ మీద నుంచి చూస్తే ఏ ఇల్లు ఎక్కడుందో తెలుస్తుంది గానీ, ఏ గోడకు చెద పట్టిందో తెలుస్తుందా?" అన్నారు. ఓపీజీ యంత్రం తిరుగుతూ దవడ వంపులో ఒక పొరను మాత్రమే స్పష్టంగా పట్టుకుంటుంది. అవతలి దవడ నీడ, వెన్నెముక నీడ దాని మీద పడతాయి. నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రేలో కనిపించే సన్నటి వివరాలు అందులో రావు. నా విషయంలో ఒరిగిన జ్ఞానదంతం తల, పక్క పన్ను వెనకభాగం ఒకదాని మీద ఒకటి తెల్లగా పడి ఆ పుచ్చును కప్పేశాయి. పైగా ఎముకలో ఖనిజం కనీసం మూడో వంతైనా పోతేగాని ఏ ఎక్స్‌రేలోనైనా నలుపు తేలదు. ఓపీజీ తీసిన రోజున వేరు చివర అంత నష్టం జరిగి ఉండకపోవచ్చని ఆవిడ నిజాయితీగా చెప్పారు. ఆ ఒక్క మాటతో మొదటి డాక్టరు మీద నా కోపం సగం తగ్గింది. కానీ కొరికితే నొప్పి అని చెప్పినా ఒక్క చల్లటి దూది పెట్టి చూడలేదే, ఆ సగం తగ్గదు.

రూట్ కెనాల్ సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు, అందరికీ అయ్యేదే. కాలువల పొడవు సరిచూసుకోవడానికి మధ్యలో ఇంకో పెరియాపికల్ తీశారు. జ్ఞానదంతం తీసేటప్పుడు పాత ఓపీజీయే అక్కరకొచ్చింది. వేరు మీద నరం కాలువ తెల్లగీత ఎక్కడా తెగలేదని, వేరు నల్లబడలేదని అందులో చూసుకున్నాకే ధైర్యంగా తీశారు. పన్ను వెనక పుచ్చును శుభ్రం చేసి, నింపి, క్యాప్ వేశారు.

అప్పుడు బైట్‌వింగ్ అనే ఇంకో చిన్న ఎక్స్‌రే వంతు వచ్చింది. "ఒకచోట దాక్కున్న పుచ్చు ఇంకోచోట ఉండదని గ్యారంటీ ఏముంది?" అన్నారు. సెన్సర్‌కున్న చిన్న రెక్కను కొరికి పట్టుకుంటే, పైనా కిందా వెనక పళ్ల తలలు, వాటి మధ్య సందులు, చిగురు కింద ఎముక అంచు ఒకే బొమ్మలో వస్తాయి. వేరు చివర్లు మాత్రం రావు. అందుకే చీము పట్టిన పంటికి ఇది సరిపోదు, నొప్పి లేని నోటికి ఇదే కావాలి. ఒక వైపు తీసిన బొమ్మలో సందులు మూసుకుపోయి పక్కపక్క పళ్ల అంచులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ట్యూబు సందుకు సూటిగా లేకపోతే అంతేనని, మళ్లీ తీశారు. సందు నల్లటి గీతలా తెరుచుకుంటేనే ఆ బొమ్మ పనికొస్తుంది. కుడివైపు పై దవడలో రెండు పళ్లు ఆనుకున్నచోట, ఎనామిల్ వరకే ఆగిన చిన్న నల్ల త్రికోణం దొరికింది. దాన్ని తవ్వలేదు. ఫ్లోరైడ్ పూసి, ఆ సందులో రోజూ దారంతో శుభ్రం చేయమన్నారు. ఎక్స్‌రేలో కనిపించేదానికన్నా అసలు పుచ్చు కాస్త లోతుగానే ఉంటుంది కాబట్టి ఏడాదికి మళ్లీ చూడాలన్నారు.

నా ఎడమవైపుకు ఈ బైట్‌వింగ్ ముందే, సెన్సర్ బాగా వెనక్కి జరిపి తీసి ఉంటే, నరం చావకముందే పుచ్చు దొరికేదేమో.

ఇన్ని ఎక్స్‌రేలా అని అమ్మ బెంగపడింది. నోట్లో పెట్టి తీసే ఒక్క చిన్న ఎక్స్‌రేకు పడే రేడియేషన్ కొద్ది మైక్రోసీవర్టులే, ఓపీజీకి సుమారు 10 నుంచి 25. మనమేమీ చేయకపోయినా ప్రకృతి నుంచే ఏడాదికి సగటున 2,400 దాకా పడుతుంది. అలాగని ఊరికే తీయించుకోమని కాదు. దేనికోసం తీస్తున్నారో అడగండి: పళ్ల సందుల కోసమా, వేరు చివర కోసమా, దవడ మొత్తం కోసమా? మీ నొప్పి ఒక పంటి దగ్గర ఉండి, తీసింది ఓపీజీ ఒక్కటే అయితే, ఆ పంటికి పెరియాపికల్ అక్కర్లేదా అని నోరు తెరిచి అడగండి. నేను అడిగింది వాళ్లు వినలేదు, మీరు రెండోసారి కూడా అడగండి.

మొన్న ఏడాది చెకప్‌లో అదే కోణంలో పెరియాపికల్ తీసి, పాతదాని పక్కన పెట్టి చూపించారు. వేరు చివర నలుపు చాలావరకు ఎముకతో నిండింది, తెల్లగీత మళ్లీ కనబడుతోంది. పూర్తిగా నిండడానికి ఇంకా సమయం పట్టవచ్చట. బైట్‌వింగ్‌లో కుడివైపు త్రికోణం పెరగలేదు. ఓపీజీ మాత్రం తీయలేదు, ఈసారి దానితో పనిలేదన్నారు.