గ్రూప్-2 మాక్ టెస్ట్, రాజ్యాంగం సెక్షన్: మీలో చాలామంది చేసిన ఐదు తప్పులు

అందరికీ, ఆదివారం రాసిన పేపర్-1 మాక్‌లో రాజ్యాంగం 75 ప్రశ్నల ఓఎంఆర్‌లు, వాటితోపాటు మీరు ఇచ్చిన ప్రశ్నపత్రాలు కూడా చూశాను. మార్కులు మీ దగ్గర ఉన్నాయి కాబట్టి వాటి గురించి రాయను. తప్పు పెట్టిన ప్రశ్నల పక్కన మీరు పెన్నుతో గీసుకున్నవి చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపించింది. మార్కులు ఎక్కువగా పోయింది చదవని చాప్టర్లలో కాదు, చదివిన చాప్టర్లలోనే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, పేపర్ పక్కన పెట్టుకుని చదవండి.

ముందు ప్రశ్న చివరి లైను సంగతి. రాష్ట్రపతి ఎన్నిక మీద నాలుగు వాక్యాల ప్రశ్న ఇచ్చాను. నామినేటెడ్ ఎంపీలు రాష్ట్రపతి ఎన్నికలో ఓటు వేస్తారు, పుదుచ్చేరి శాసనసభకు ఎన్నికైన సభ్యులు ఓటు వేస్తారు, శాసనమండలి సభ్యులు ఓటు వేస్తారు, మహాభియోగ తీర్మానంలో నామినేటెడ్ ఎంపీలు కూడా పాల్గొంటారు. వీటిలో రెండోది, నాలుగోది సరైనవి. మీలో చాలామంది ఆ రెండింటి పక్కన టిక్ పెట్టారు, అంటే విషయం తెలుసు. కానీ ప్రశ్న ‘పై వాటిలో ఎన్ని సరైనవి?’ అని. ఆప్షన్లు కేవలం ఒకటి, కేవలం రెండు, కేవలం మూడు, నాలుగూ. ‘2, 4’ అనే ఆప్షన్ కోసం వెతికి, అది కనిపించక, ‘నాలుగూ’ అన్నదాన్ని నాలుగో వాక్యం అనుకుని పెట్టినవాళ్లు ఉన్నారు. ‘సరికానిది ఏది’ అన్న ప్రశ్నల్లోనూ ఇదే జరిగింది, మొదటి ఆప్షనే నిజమైన వాక్యం అయ్యేసరికి మిగతావి చదవకుండానే దాన్ని పెట్టేశారు. కాబట్టి వాక్యాల జోలికి వెళ్లకముందే చివరి లైను చదివి, ‘ఎన్ని’, ‘ఏవి’, ‘కానిది’, ‘మాత్రమే’ అన్న మాటల చుట్టూ సున్నా చుట్టండి. అసలు పరీక్షలో ప్రశ్న రెండు భాషల్లో ఉంటుంది. తెలుగు అనువాదంలో వాక్యం తికమకగా అనిపిస్తే అక్కడే కూర్చుని అర్థం లాగకండి, పక్కనున్న ఇంగ్లీష్ వాక్యం ఒకసారి చూడండి. తెలుగు మీడియం వాళ్లు కూడా చూడాల్సిందే.

ఇప్పుడు అసలైన చోటుకు వద్దాం. ఈ పేపర్‌లో అందరినీ ఎక్కువగా ముంచింది మెజారిటీలు. ‘మూడింట రెండు వంతులు’ అన్న మాట గుర్తుంది, కానీ దేనిలో మూడింట రెండు వంతులు అన్నది గుర్తులేదు, మొత్తం గొడవ అక్కడే ఉంది. సభ మొత్తం సభ్యుల సంఖ్య వేరు, ఆ రోజు హాజరై ఓటు వేసినవాళ్ల సంఖ్య వేరు. రాష్ట్రపతి మహాభియోగం, ఆర్టికల్ 61, దీనికి సభ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులు కావాలి. 543 మంది ఉన్న లోక్‌సభలో అయితే 362 మంది. ఆ రోజు ఎంతమంది వచ్చారన్న దానితో సంబంధం లేదు. అదే రాజ్యాంగ సవరణకు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి తొలగింపుకు రెండు షరతులు కలిపి ఉంటాయి. మొత్తం సభ్యుల్లో సగానికి మించి ఉండాలి, హాజరై ఓటు వేసినవాళ్లలో మూడింట రెండు వంతులూ ఉండాలి. అఖిల భారత సర్వీసుల ఏర్పాటుకు ఆర్టికల్ 312 కింద రాజ్యసభ చేసే తీర్మానానికి మాత్రం హాజరై ఓటు వేసినవాళ్లలో మూడింట రెండు వంతులుంటే చాలు, మొత్తం సభ్యుల షరతు లేదు.

ఇది బట్టీ పడితే పరీక్షలో నిలవదు, ఒక్కసారి లెక్క వేసి చూడాలి. మన దగ్గర విషయమే తీసుకుందాం. శాసనమండలి రద్దు కోసం ఆర్టికల్ 169 కింద శాసనసభ తీర్మానం చేయాలి, దీనికీ ఆ రెండు షరతులూ వర్తిస్తాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 మంది. సగానికి మించి అంటే కనీసం 88. ఓటింగ్‌లో 120 మంది పాల్గొన్నారనుకోండి, మూడింట రెండు వంతులు 80. తీర్మానానికి 82 ఓట్లు వచ్చాయి. నెగ్గిందా? రెండో షరతు తీరింది, మొదటిది తీరలేదు, కాబట్టి వీగిపోయినట్టే. ఇప్పుడు 150 మంది ఓటు వేశారు, 95 మంది అనుకూలం. 88 దాటింది, కానీ 150లో మూడింట రెండు వంతులంటే 100 కావాలి, మళ్లీ వీగిపోయింది. ఈ రెండు లెక్కలు మీ చేత్తో కాగితం మీద వేస్తే ఇక ఆ తేడా మర్చిపోరు.

ఇదే ఆర్టికల్‌లో ఇంకో మెలిక ఉంది, అక్కడా చాలామంది పడ్డారు. శాసనసభకు ప్రత్యేక మెజారిటీ కావాలి, కానీ ఆ తర్వాత పార్లమెంటు చట్టం చేయడానికి సాధారణ మెజారిటీ చాలు. పైగా తీర్మానం వచ్చింది కదా అని పార్లమెంటు చట్టం చేసి తీరాలనేం లేదు. మన మండలి చరిత్ర తెలిస్తే ఇది తేలిగ్గా గుర్తుంటుంది. 1958లో ఏర్పడింది, 1985లో రద్దయింది, 2007లో మళ్లీ వచ్చింది. 2020 జనవరిలో శాసనసభ రద్దు తీర్మానం చేసింది, పార్లమెంటు చట్టం చేయలేదు, 2021 నవంబర్‌లో శాసనసభే ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. అందుకే మండలి ఈ రోజుకీ ఉంది. దీని పక్కనే ఆర్టికల్ 3 పెట్టుకోండి. రాష్ట్రాల ఏర్పాటులో శాసనసభ అభిప్రాయం అడుగుతారు, కానీ దానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదు. 2014 జనవరిలో విభజన బిల్లును ఆంధ్రప్రదేశ్ శాసనసభ తిరస్కరిస్తూ తీర్మానం చేసినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, అదీ సాధారణ మెజారిటీతోనే. ‘ఆర్టికల్ 3 ప్రకారం చట్టానికి ప్రత్యేక మెజారిటీ అవసరం’ అన్న వాక్యాన్ని మీలో సగం మంది సరైనదని పెట్టారు. రాష్ట్రాన్నే విడగొట్టడం అంత పెద్ద విషయం కదా, పెద్ద మెజారిటీ ఉండాలిగా అన్న ఊహ అది. పరీక్ష పెట్టేవాళ్లకు ఆ ఊహ తెలుసు, అందుకే ఆ వాక్యం ఇస్తారు.

ఎమర్జెన్సీల్లోనూ అంతే. జాతీయ అత్యవసర పరిస్థితి ఆమోదానికి ప్రత్యేక మెజారిటీ, గడువు ఒక నెల. రాష్ట్రపతి పాలనకు, ఆర్థిక అత్యవసర పరిస్థితికి సాధారణ మెజారిటీ, గడువు రెండు నెలలు. కానీ జాతీయ అత్యవసర పరిస్థితి వద్దని లోక్‌సభ చేసే తీర్మానానికి మళ్లీ సాధారణ మెజారిటీ చాలు. పెట్టడం కష్టం, తీయడం తేలిక అయ్యేలా 44వ సవరణలో కావాలని చేసిన మార్పు ఇది. కారణం తెలిస్తే గుర్తుంటుంది.

సంవత్సరాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఒక్కటి మాత్రం చూడండి. 73వ సవరణ చట్టం అమల్లోకి వచ్చిన తేదీ అడిగితే 1992 అని మొదలయ్యే ఆప్షన్ మీద చెయ్యి వేశారు. చట్టం పేరులో 1992 ఉంటుంది, పార్లమెంటు ఆమోదించింది ఆ డిసెంబర్‌లోనే, రాష్ట్రపతి సంతకం 1993 ఏప్రిల్ 20, అమలు 1993 ఏప్రిల్ 24. నాలుగూ ఆప్షన్లలో దిగుతాయి. 74వది ఆ జూన్ 1న అమల్లోకి వచ్చింది. 86వ సవరణ 2002 నాటిది, అమలు మాత్రం 2010 ఏప్రిల్ 1, విద్యాహక్కు చట్టంతో కలిపి. మీ నోట్సులో సవరణల పట్టికకు ‘అమలు’ అని ఇంకో గడి గీసుకోండి, ఈ తేడా ఉన్నవి కొన్నే, వాటికి మాత్రం నింపితే సరిపోతుంది.

నాలుగోది నెగెటివ్ మార్కుల భయం. తప్పుకు మూడో వంతు మార్కు పోతుందని కొందరు రెండు ఆప్షన్లు కచ్చితంగా కొట్టేసి కూడా ప్రశ్న వదిలేశారు. ఇంకొందరు ఏమీ తెలియని ప్రశ్నలన్నీ వరసగా ‘సి’ పెట్టుకుంటూ పోయారు. ఒక డజను ప్రశ్నలతో లెక్క వేద్దాం. ఏమీ తెలియకుండా 12 పెడితే సగటున 3 తగులుతాయి, 9 పోతాయి, వచ్చింది 3, పోయింది 3, చేతిలో సున్నా, దానికి ఖర్చు పెట్టిన టైమ్ అదనపు నష్టం. ఒక ఆప్షన్ కచ్చితంగా కొట్టేస్తే 4 రైటు, 8 తప్పు, దాదాపు 1.33 మిగులుతుంది. రెండు కొట్టేస్తే 6 రైటు, 6 తప్పు, 4 మార్కులు మీవే. ఇది సగటు లెక్క, ఒక్క పేపర్‌లో అటూ ఇటూ అవుతుంది, కానీ రెండు ఆప్షన్లు పోయాక వదిలేయడం మాత్రం ఎప్పుడూ నష్టమే. ఒక్క షరతు, కొట్టేసిన ఆప్షన్ ఎందుకు తప్పో ఒక్క మాటలో చెప్పగలగాలి. ‘ఏదో కాదనిపిస్తోంది’ అన్నది కొట్టేయడం కిందికి రాదు. మీ అంచనా ఎంత నమ్మదగిందో తెలియాలంటే పరీక్షలోనే ప్రశ్న పక్కన ఎన్ని ఆప్షన్లు కొట్టేశారో అంకె వేసుకోండి. కీ వచ్చాక ‘2’ వేసిన ప్రశ్నల్లో సగం కన్నా తక్కువ రైటయ్యాయంటే మీరు సరైన ఆప్షన్లనే కొట్టేస్తున్నారన్న మాట, అప్పుడు ఆ చాప్టర్ మళ్లీ చదవాలి.

ఇక ఓఎంఆర్. ఒక ప్రశ్నపత్రంలో 43వ ప్రశ్న వదిలేసి ఉంది, ఓఎంఆర్‌లో మాత్రం 43లో బబుల్ ఉంది. 44 జవాబు అక్కడ పడింది, అక్కడినుంచి 57 దాకా అన్నీ ఒక గడి పైకి జరిగాయి. ఆ 15 జవాబుల్లో ప్రశ్నపత్రం మీద 11 సరైనవి, అంటే నెగెటివ్ పోను 9.67 రావాలి. జరిగిన ఓఎంఆర్‌లో కాకతాళీయంగా కలిసినవి 3, తప్పులు 12, మొత్తం మైనస్ 1. పది మార్కులకు పైగా తేడా, చదువులో ఏ లోపమూ లేకుండా. బాల్ పెన్ను కాబట్టి చెరపలేరు, రెండో బబుల్ దిద్దితే ఆ ప్రశ్న తప్పు కిందే పోతుంది. ఇది వచ్చేది ఎక్కువగా చివర్లో అన్నీ కలిపి దిద్దేవాళ్లకే, 150 ప్రశ్నలకు 150 నిమిషాలు అన్నప్పుడు చివరి పది నిమిషాల టెన్షన్‌లో చెయ్యి ఆగదు. జవాబు ముందు ప్రశ్నపత్రం మీద గుర్తు పెట్టండి, పేజీ పూర్తయ్యాక ఆ పేజీవరకు దిద్దండి, వదిలిన ప్రశ్న నంబర్‌కు ప్రశ్నపత్రంలో పెద్ద సున్నా చుట్టండి, పేజీలో చివరి బబుల్ దిద్దే ముందు రెండు చోట్లా నంబర్ కలిసిందో లేదో చూసుకోండి.

వచ్చే క్లాస్‌కు ఈ పేపర్ మళ్లీ తెండి. తప్పు పెట్టిన ప్రతి ప్రశ్న పక్కన ఒక అక్షరం రాయండి. ప్రశ్న సరిగా చదవకపోతే ‘చ’, రెండు విషయాలు కలిపేసుకుంటే ‘క’, అసలు తెలియకపోతే ‘తె’, ఓఎంఆర్‌లో పోతే ‘ఓ’. రెండు ఆప్షన్లు కొట్టేసి వదిలేసినవాటికి ‘వ’. ‘క’ వచ్చిన ప్రశ్నలు మాత్రం ఒక కాగితం మీద విడిగా రాసుకుని తీసుకురండి, క్లాసు వాటితోనే మొదలుపెడతాను. మెజారిటీల లెక్క రాజ్యసభకు, 245 మందికి, ఆర్టికల్ 61 కింద ఎంత అవుతుందో అందరూ వేసుకుని రావాలి, భిన్నం వస్తుంది, దాన్ని ఎటు సరిచేయాలో కూడా ఆలోచించండి.