నట్టల మందు తాగించిన 12వ రోజున గొర్రె చచ్చిపోయింది

మాది దేవరకొండ దగ్గర ఊరు. మాకు 62 గొర్రెలున్నాయి. పగలు నాయిన మేపుకొస్తాడు, దొడ్డి పని నాది. పోయిన ఏడాది భాద్రపదంలో వానలు ఎడతెరిపి లేకుండా పడ్డాయి. ఒక సాయంత్రం మంద ఇంటికి వస్తుంటే ఒక తల్లిగొర్రె బాగా వెనకబడింది. నాలుగడుగులు వేసి నిలబడి రొప్పుతోంది. దవడ కింద సంచిలా వాపు వేలాడుతోంది, వేలితో నొక్కితే గుంట పడింది. తెల్లారేసరికి వాపు సగం తగ్గడంతో "నయమైతుంది లే బిడ్డా" అన్నాడు నాయిన. మూడో రోజు అది చచ్చిపోయింది.

నట్టలని మాకు అనుమానమే రాలేదు. 12 రోజుల కిందటే అన్నిటికీ ఆల్బెండజోల్ తాగించాం. పైగా ఒక్కటీ పారుకోలేదు, పెంటికలు గట్టిగానే ఉన్నాయి. నట్టలుంటే పారుడు ఉంటుందని మా లెక్క.

దవాఖాన నుంచి వచ్చిన డాక్టర్ సారు చచ్చిన గొర్రె పొట్ట కోసి చూపించారు. గొర్రెకు పొట్ట నాలుగు అరలు. నాలుగో అరను చీల్చగానే లోపలి గోడ మీద సన్నటి పురుగులు కుప్పలుగా కదిలాయి. ఒక్కోటి ఇంచు పొడవు లోపే. దగ్గరగా చూస్తే ఎరుపు, తెలుపు దారాలు కలిపి పేనినట్టున్నాయి. ఎర్రగా కనిపించేది అది తాగిన రక్తం, దాని చుట్టూ తెల్లగా మెలిక తిరిగింది గుడ్ల సంచి. పేరు హీమాంకస్ అన్నారు. కొన్ని దేశాల్లో మంగలి షాపుల ముందు నిలబెట్టే చారల కర్రలా ఉంటుందని ఇంగ్లీషులో దానికి ఆ పేరే పెట్టారట.

"ఒక్క నట్ట ఎంత తాగుతుంది సార్?" అని అడిగాను. 20 నట్టలు కలిస్తే రోజుకు దాదాపు 1 మిల్లీలీటరు అన్నారు. మొదట అదెంత అనిపించింది. 25 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తం సుమారు లీటరున్నర. 2000 నట్టలుంటే రోజుకు 100 మిల్లీలీటర్లు పోతుంది. ఒళ్లు కొత్త రక్తం ఎంత తయారు చేసినా అంత వేగంగా పూడ్చలేదు. రక్తంతో పాటు మాంసకృత్తులూ పోతాయి కాబట్టి నీరు చర్మం కిందికి దిగుతుంది. మేసేటప్పుడు తల వంచే ఉంటుంది కనుక సాయంత్రానికి దవడ కింద చేరుతుంది, రాత్రికి తగ్గుతుంది. మేము నయమవుతోందని అనుకున్నది ఇదే.

మరి తాగించిన మందు ఏమైంది? గడ్డితో లోపలికి పోయిన పిల్ల పురుగు గుడ్లు పెట్టే దశకు రావడానికి మూడు వారాలు పడుతుంది. మందు పడి 12 రోజులే అయ్యింది. అంటే గుడ్లతో నిండిన ఈ నట్టలు కొత్తవి కావు, మందు తాగినా బతికినవి. ఏళ్ల తరబడి అదే మందు వాడాం. పెద్దవాటికీ చిన్నవాటికీ ఒకే కొలత పోశాం. 35 కిలోల గొర్రెకు 20 కిలోల డోసు పోస్తే నట్టల్లో గట్టివి మిగిలి వాటి సంతతే పెరుగుతుంది. ఆ మాట విన్నాక నాయిన చాలాసేపు మాట్లాడలేదు.

ఏ గొర్రెకు ఎంత రక్తం తగ్గిందో కంటి రెప్ప లోపలి రంగే చెబుతుంది కాబట్టి, అదే రోజు ఎండలో నిలబెట్టి అన్నిటి కళ్లూ చూశాం. పై రెప్ప మీద బొటనవేలు పెట్టి కనుగుడ్డును మెల్లగా ఒత్తుతూ, రెండో బొటనవేలితో కింది రెప్పను లాగాలి. లోపలి పొర పైకి తేలుతుంది. మొదటి చూపులోనే రంగు పట్టుకోవాలి, ఎక్కువసేపు లాగి పట్టుకుంటే రెప్ప ఎర్రబడి మోసం చేస్తుంది. కళ్లకలక ఉన్నా, దుమ్ము పడినా అంతే. 38 గొర్రెలకు దానిమ్మ గింజ రంగు ఉంది. 15 లేత గులాబీ. 8 జొన్నపిండిలా తెల్లగా ఉన్నాయి, వాటిలో అయిదు పిల్లలే. చెరువుల దగ్గర మేసేవాటికి కార్జపు జలగలతో కూడా ఇలాగే కన్ను తెల్లబడుతుంది, దవడ వాస్తుంది. అందుకే సారు పెంటికలు తీసుకెళ్లి మైక్రోస్కోప్ కింద చూశారు. జలగ గుడ్లు కనిపించలేదు, నట్టల గుడ్లు విపరీతంగా ఉన్నాయి.

తెల్లగా, లేతగా ఉన్న 23 గొర్రెలను తూకం వేసి ఒక్కోదానికి దాని బరువుకు తగ్గట్టు క్లోసాంటెల్ తాగించాం. ఇది రక్తం తాగే పురుగుల మీద బాగా పనిచేస్తుంది, కానీ డోసు మించితే గొర్రెకు చూపు పోయే ప్రమాదం ఉంది. అందుకే కాంటా లేకుండా ముట్టొద్దన్నారు. ఎర్రగా ఉన్నవాటిని వదిలేయమంటే నాయిన ఒప్పుకోలేదు. వాటిలోని నట్టలు మందు చూడలేదు కాబట్టి మందుకు లొంగేవీ వాటిలో మిగులుతాయి, బీట్లో ఆ జాతి కూడా ఉండాలి, అన్నిటికీ తాగిస్తే గట్టివే మిగులుతాయి అని సారు రెండుసార్లు చెప్పాక ఆగాడు.

తెల్లగా ఉన్న 8 గొర్రెలను మేతకు పంపలేదు. నడిపిస్తేనే పడిపోతాయి. దొడ్డిలోనే వేరుశనగ చెక్క, పచ్చిమేత పెట్టాం. అందులో ఒక పిల్ల మర్నాడే పోయింది. మిగతావాటి దవడ వాపు వారంలో తగ్గింది, రెప్ప రంగు తిరిగి రావడానికి నెల పైనే పట్టింది. 14వ రోజున మళ్లీ పెంటికలు పరీక్ష చేయిస్తే గుడ్లు దాదాపు లేవు.

ఇప్పుడు వానాకాలంలో 15 రోజులకోసారి కళ్లు చూస్తున్నాం. రెండు తల్లిగొర్రెలు మాత్రం చూసిన ప్రతిసారీ తెల్లగానే తేలాయి. తాగించిన మందు ఒంట్లోంచి పోయేదాకా ఆగి వాటిని అమ్మేశాం.